ఆడిటర్‌కే దొరకలేదన్నది సాకు

సత్యం కంప్యూటర్స్ కుప్పకూలి పదిహేనేళ్లు దాటింది. అయినా విజయవాడలో గవర్నర్‌పేట బ్రోకర్ల ఆఫీసుల్లో కూర్చున్నా, బీసెంట్ రోడ్డులో టీ తాగుతూ షేర్ల గురించి మాట్లాడుకున్నా ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది. అంత పెద్ద ఆడిటింగ్ సంస్థకే దొరకని మోసం సామాన్య మదుపరికి ఎలా దొరుకుతుంది? బ్యాలెన్స్ షీట్లు, నోట్సు చదవడం చార్టర్డ్ అకౌంటెంట్ల పని. లాభం ఏటికేడు పెరుగుతోందా, పేరున్న ఆడిటర్ సంతకం ఉందా అని చూసుకుంటే చాలు, మిగతాదంతా అదృష్టం. చదువుకున్నవాళ్లు, వ్యాపారంలో తలపండినవాళ్లు కూడా ఈ మాటే అంటారు.

ఈ వాదన తప్పు. వాస్తవాల దగ్గరే తప్పు. పైగా ఇది మదుపరి చేతిలో ఉన్న ఒకే ఒక్క రక్షణను, అంటే చదివి ప్రశ్నించే అలవాటును, వదిలేయమని చెబుతోంది.

సత్యం కథ కృష్ణా, గోదావరి జిల్లాలకు పరాయి కథ కాదు. భీమవరం ప్రాంతంలో పుట్టిన రామలింగరాజు బీకాం చదివింది విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీలో. 1987లో ఆయన పెట్టిన కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిదాకా వెళ్లింది. 108 అంబులెన్సుల వెనుక ఉన్నదీ ఆయనే. 2008 సెప్టెంబరులో కంపెనీ పాలన బాగుందంటూ సత్యానికి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. మన ఊరి మనిషి, మంచి పేరు, పెద్ద ఆడిటర్. ఈ మూడూ చూసి నమ్మినవాళ్లు అంకెలు చూడాల్సిన అవసరం లేదనుకున్నారు.

ముందుగా ఆడిటర్‌కే దొరకలేదన్న మాట తీసుకుందాం. సత్యం ఖాతాలను 2000 నుంచి తనిఖీ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్. బ్యాంకులో డబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి ఆడిటర్‌కు ఎంతో కాలంగా ఒక సూటి పద్ధతి ఉంది. కంపెనీ ప్రమేయం లేకుండా తానే బ్యాంకుకు ఉత్తరం రాయాలి, జవాబు నేరుగా తన ఆఫీసుకే రప్పించుకోవాలి. అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011 ఏప్రిల్‌లో ఈ వ్యవహారం తేల్చినప్పుడు ప్రధానంగా ఎత్తిచూపింది ఈ లోపాన్నే. బ్యాంకు ధ్రువీకరణల ప్రక్రియను ఆడిటర్లు తమ చేతుల్లో ఉంచుకోలేదు, కంపెనీ యాజమాన్యానికి వదిలేశారు. ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలు ఎస్ఈసీకి 60 లక్షల డాలర్లు, ఆడిటర్లను పర్యవేక్షించే అక్కడి బోర్డుకు మరో 15 లక్షల డాలర్లు జరిమానా కట్టాయి.

ఇక్కడ న్యాయంగా మరో సంగతి కూడా చెప్పాలి. సెబీ 2018లో ప్రైస్ వాటర్‌హౌస్ మీద విధించిన రెండేళ్ల నిషేధాన్ని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2019లో కొట్టేసింది. సంస్థ మోసంలో పాలుపంచుకుందని రుజువు కాలేదని చెప్పింది. కానీ ఆ తీర్పు వల్ల ఆడిటర్‌కే దొరకలేదన్న వాదనకు బలం రాదు. వెతికినా దొరక్కపోవడం వేరు, వెతకాల్సిన చోట వెతకకపోవడం వేరు. సత్యంలో జరిగింది రెండోది. ఆడిటర్ సంతకాన్ని చూసి ఆగిపోయిన మదుపరి, ఆడిటర్ చేసిన తప్పునే తానూ చేశాడు.

అసలు ఖాతాల్లో ఏం జరిగిందో, మోసాన్ని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖలోని అంకెలే చెబుతాయి. 2008 జులై-సెప్టెంబరు త్రైమాసికానికి కంపెనీ ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు. లేఖ ప్రకారం అసలు ఆదాయం 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు. ఆదాయాల మధ్య తేడా 588 కోట్లు. లాభాల మధ్య తేడా కూడా సరిగ్గా 588 కోట్లే. ఇది యాదృచ్ఛికం కాదు. నిజమైన అమ్మకానికి జీతాలు, అద్దెలు, ప్రయాణాలు ఖర్చవుతాయి. లేని అమ్మకానికి ఖర్చే ఉండదు. కాబట్టి దొంగ ఇన్వాయిస్‌లోని ప్రతి రూపాయీ నేరుగా లాభంలోకి వెళ్లి చేరుతుంది.

అయితే జంట పద్దు విధానంలో ఏ అంకె కూడా ఒంటరిగా ఉండలేదు. లేని అమ్మకాన్ని ఆదాయంలో రాస్తే, దానికి జోడుగా ఆస్తుల వైపు కూడా ఏదో ఒకటి రాయాలి. సాధారణంగా అది కస్టమర్ల నుంచి రావాల్సిన బకాయిగా కనిపిస్తుంది. అలా వద్దనుకుంటే బ్యాంకులో నగదుగానో, గోదాములో సరుకుగానో, నిర్మాణంలో ఉన్న ఆస్తిగానో చూపించాలి. లాభనష్టాల ఖాతాలో చెప్పిన అబద్ధం బ్యాలెన్స్ షీటులో ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంటుంది. లాభం అంకె ఒక్కటే చూసేవాడికి దొరకనిది, రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసేవాడికి ప్రశ్నగానైనా కనిపిస్తుంది.

బకాయిల లెక్క డెల్టాలో ఎవరికీ కొత్త కాదు. కైకలూరు దగ్గర రొయ్యల మేత అమ్మే డీలరును ఊహించుకుంటే విషయం తేటపడుతుంది. రైతుకు మేత అరువు మీద ఇస్తాడు, చెరువు పట్టాక వసూలు చేసుకుంటాడు. వనామీ పంట మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. నిరుడు అతని అమ్మకం 10 కోట్లు, ఏడాది చివర బయట ఉన్న బాకీ రెండున్నర కోట్లు. అంటే సగటున మూడు నెలల అమ్మకం అరువులో ఉంది. పంట కాలానికి అది సరిపోతుంది. ఈ ఏడు అమ్మకం 12 కోట్లకు పెరిగింది, బాకీ మాత్రం 6 కోట్లకు చేరింది. ఆరు నెలల అమ్మకం బయటే ఉంది. పంట చేతికొచ్చి, అమ్ముడైపోయి, తర్వాతి పంట వేశాక కూడా పాత డబ్బు రాలేదన్నమాట. పెరిగిన అమ్మకం 2 కోట్లయితే పెరిగిన బాకీ మూడున్నర కోట్లు. పుస్తకంలో లాభం పెరిగింది, గల్లాపెట్టెలోకి వచ్చిన డబ్బు మాత్రం అమ్మకంకన్నా మూడున్నర కోట్లు తక్కువ.

ఇలాంటి డీలరుకు ఇంకో నెల అరువు ఇవ్వడానికి ఏ వర్తకుడైనా వెనకాడతాడు. కంపెనీ విషయంలోనూ లెక్క ఇదే. బకాయిలను ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే ఎన్ని రోజుల అమ్మకం బయట ఉందో తెలుస్తుంది. ఆ రోజులు ఏటికేడు పెరుగుతుంటే మూడు కారణాల్లో ఒకటి ఉండాలి. అమ్మకాలు చూపించుకోవడానికి కంపెనీ అరువు గడువు పెంచుతోంది, లేదా కొన్నవాళ్లు చెల్లించలేకపోతున్నారు, లేదా కొన్నవాళ్లే లేరు.

మోసం లేకపోయినా ఈ అంకె ప్రమాదాన్ని చెబుతుంది. విజయవాడకు ఆనుకుని కొండపల్లి దగ్గర గ్యాస్ విద్యుత్ కేంద్రం కట్టిన ల్యాంకో ఇందుకు దగ్గరి ఉదాహరణ. నగరానికి ఎంపీగా పనిచేసిన లగడపాటి రాజగోపాల్ కుటుంబ సంస్థ అది. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ నిర్మాణ విభాగానికి ఉన్న పనిలో పెద్ద భాగం సొంత గ్రూపు విద్యుత్ ప్రాజెక్టులు కట్టడమే. అంటే డబ్బు ఇవ్వాల్సిన కస్టమరూ గ్రూపులోని మనిషే. ఒంటరి ఖాతాల్లో అది ఆదాయంగానూ, బకాయిగానూ కనిపిస్తుంది. అనుబంధ కంపెనీలన్నీ కలిపిన ఖాతాల్లో తమలో తాము చేసుకున్న ఆ వ్యాపారాన్ని తీసేయాల్సి వస్తుంది. అలాంటి కంపెనీలో ఒంటరి ఖాతా ఒక్కటే చదివితే గ్రూపు బయటి నుంచి వచ్చిన ఆదాయం ఎంతో తెలియదు. మరోవైపు విద్యుత్ కొన్న రాష్ట్ర ప్రభుత్వ పంపిణీ సంస్థల నుంచి డబ్బు ఆలస్యమైంది, గ్యాస్ లేక కొండపల్లి విస్తరణ ప్లాంటు పనిలేకుండా నిలిచింది. 2017 జూన్‌లో దివాలా చర్యల కోసం రిజర్వు బ్యాంకు గుర్తించిన 12 పెద్ద ఖాతాల్లో ల్యాంకో ఒకటి. 2018 ఆగస్టులో హైదరాబాద్ ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. ఇది దొంగ ఇన్వాయిస్‌ల కథ కాదు, రావాల్సిన డబ్బు రాని కథ. వాటాదారుడి చేతిలో చివరికి మిగిలింది మాత్రం ఒకటే.

ఇక్కడ అవతలి పక్షం తన బలమైన అభ్యంతరాన్ని తెస్తుంది. ఈ బకాయిల పరీక్షను సత్యానికి పెడితే ఏం తేలేది?

నిజమే, పెద్దగా ఏమీ తేలేది కాదు. 2008 సెప్టెంబరు చివర సత్యం చూపిన బకాయిలు 2,651 కోట్లు. అందులో 490 కోట్లు ఎక్కువ చేసి రాసినవని లేఖ చెప్పింది. 2,700 కోట్ల త్రైమాసిక ఆదాయంతో పోలిస్తే అది దాదాపు 90 రోజుల బకాయి. నిజమైన బకాయిని నిజమైన ఆదాయంతో పోల్చినా ఇంచుమించు అంతే వస్తుంది. దొంగ అమ్మకాలను బకాయిలుగా పేరబెడితే రోజుల లెక్క పెరిగి కంటపడేది. అందుకే దొంగ ఇన్వాయిస్‌లకు డబ్బు వచ్చేసినట్టు రాసి, ఆ భారాన్ని బ్యాంకు నిల్వల మీదికి నెట్టారు. ఫలితంగా ఖాతాల్లో 5,361 కోట్ల నగదు పేరుకుంది. అందులో 5,040 కోట్లు లేనేలేవు.

అయితే అంత నగదు కూడా దాక్కునేది కాదు. లేని డిపాజిట్లకు వడ్డీ కూడా చూపించాలి కదా. అలా వడ్డీ వచ్చినట్టు రాశారు, కానీ ఆ వడ్డీ చేతికి రాదు కాబట్టి రావాల్సిన వడ్డీ అనే పద్దులో 376 కోట్లు నిలిచిపోయాయి. చూపిన నగదు మొత్తంలో ఇది ఏడు శాతం. దీనికి అమాయకమైన వివరణ కూడా ఉండొచ్చు. గడువు తీరాక అసలూ వడ్డీ కలిపి ఇచ్చే డిపాజిట్లలో వడ్డీ పేరుకోవడం మామూలే. కానీ రెండు త్రైమాసికాల ఆదాయానికి దగ్గరగా నగదు పెట్టుకుని, దాని వడ్డీ కూడా వసూలు కాకుండా ఉన్న కంపెనీని, ఆ డబ్బు ఏ బ్యాంకులో, ఏ డిపాజిట్లలో, దేనికోసం ఉందని అడగడానికి సీఏ పట్టా అక్కర్లేదు. ఇదే కాలంలో ప్రమోటర్ల వాటా 2001లో ఉన్న పాతిక శాతం నుంచి 2008 మార్చికి తొమ్మిది శాతం లోపుకు పడిపోయింది. స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇచ్చే వాటాల పట్టికలో అది అందరికీ కనిపిస్తూనే ఉంది. ఇన్ని వేల కోట్ల నగదున్న కంపెనీలో యజమాని వాటా ఎందుకు కరిగిపోతోందన్న ప్రశ్న ఎవరైనా వేయగలిగిందే.

బయటివాళ్లకు ఏమీ చేతకాదన్న వాదన పూర్తిగా ఓడిపోయేది 2008 డిసెంబరు 16న. ఆ రోజు సత్యం తన దగ్గరున్న నగదుతో రాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్ని, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 160 కోట్ల డాలర్లకు కొంటానని ప్రకటించింది. బోర్డులో ఐఎస్‌బీ డీన్, హార్వర్డ్ ప్రొఫెసర్, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు. ఆ బోర్డు ఒప్పుకుంది. ఒప్పుకోనిది బయటి మదుపరులు. న్యూయార్క్‌లో సత్యం షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడింది. గంటల్లో కంపెనీ ఒప్పందాన్ని వెనక్కి తీసుకుంది. లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తులను పెట్టడానికి అది చివరి ప్రయత్నమని రాజు తర్వాత లేఖలో రాశారు. ఆ ప్రయత్నం విఫలమైన మూడు వారాలకే లేఖ వచ్చింది. ఆ రోజు షేరు దాదాపు 78 శాతం పడింది.

ఆడిటర్ ఎనిమిదేళ్లలో ఆపలేనిది, దిగ్గజాల బోర్డు ఆపలేనిది, మదుపరుల ఒక్క ప్రశ్న ఆపింది. సంబంధీకుల కంపెనీని అంత ధరకు ఎందుకు కొంటున్నారన్నదే ఆ ప్రశ్న. చట్టబద్ధమైన అధికారం ఏదీ లేనివాళ్లు, బయటికి ఇచ్చిన సమాచారం మాత్రమే చదివి, అడిగిన ప్రశ్న అది. అదే ప్రశ్న నగదు గురించి ముందే అడిగి ఉంటే ఎన్నో కుటుంబాల పొదుపు మిగిలేది.

లాభం పెరిగితే చాలన్న మాటలో ఇంకో ప్రమాదం ఉంది. ఏ లాభం పెరిగిందో అది అడగదు. సత్యమే 2005 నవంబరులో సిఫీలో తన వాటాను సుమారు 6.2 కోట్ల డాలర్లకు అమ్మింది. ఆ అమ్మకం నిజమైనదే, అందులో దాపరికం లేదు. కానీ అది సాఫ్ట్‌వేర్ రాసి సంపాదించిన డబ్బు కాదు, మరుసటి ఏడు మళ్లీ రాదు. దాన్ని తీసేయకుండా ఆ త్రైమాసికాన్ని ముందుదానితో పోలిస్తే వ్యాపారం గురించి తప్పుడు అభిప్రాయమే కలుగుతుంది.

దీన్ని చిన్న లెక్కతో చూడొచ్చు. 2014లో రాజధాని ప్రకటన తర్వాత విజయవాడ చుట్టూ భూముల ధరలు ఎగిశాయి. ఊరి శివారులో పాత గోదాము స్థలం ఉన్న ఒక కంపెనీ దాన్ని అమ్మి 30 కోట్లు లాభపడిందనుకుందాం. నిరుడు పన్నుకు ముందు లాభం 40 కోట్లు, ఈ ఏడు 58 కోట్లు. పత్రికల్లో శీర్షిక 45 శాతం వృద్ధి అని వస్తుంది. స్థలం అమ్మిన లాభం తీసేస్తే మిగిలేది 28 కోట్లు. అంటే వ్యాపారం 30 శాతం పడిపోయింది. నిజాయితీగల కంపెనీ దీన్ని ఎక్సెప్షనల్ ఐటమ్స్ అని విడిగా చూపిస్తుంది. అది ఇతర ఆదాయం వరుసలో కలిసిపోయి, వివరం ఫలితాల కింద నాలుగో నోటులో చిన్న అక్షరాల్లో మాత్రమే ఉంటే జాగ్రత్తపడాలి. దీనికి వ్యతిరేకమైన సంకేతం కూడా ఉంది. ప్రతి ఏడూ ఏదో ఒక నష్టాన్ని ఈ ఒక్కసారికే అని చెప్పి పక్కన పెట్టమనే కంపెనీకి అది ఒక్కసారి నష్టం కాదు, మామూలు ఖర్చు.

పేరున్న ఆడిటర్ ఉంటే చాలన్నవాళ్లు ఆ ఆడిటర్ వెళ్లిపోతే ఏం చేయాలో చెప్పరు. వడోదరకు చెందిన మామిడి పానీయాల కంపెనీ మన్‌పసంద్ బెవరేజెస్‌లో 2018 మేలో అదే జరిగింది. వార్షిక ఫలితాల కోసం బోర్డు సమావేశం కొద్ది రోజుల్లో ఉందనగా డెలాయిట్ తప్పుకుంది. అడిగిన ముఖ్యమైన సమాచారం కంపెనీ ఇవ్వలేదన్నది కారణం. షేరు రోజుల తరబడి లోయర్ సర్క్యూట్‌లో పడింది. ఏడాది తర్వాత జీఎస్టీ అధికారులు కంపెనీ ఎండీని అరెస్టు చేశారు.

ఆడిటర్ మారిన ప్రతిచోటా మోసం ఉందని అర్థం కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీ ఒకే ఆడిటింగ్ సంస్థను పదేళ్లకు మించి ఉంచుకోకూడదు. గడువు తీరి, వార్షిక సమావేశంలో కొత్తవాళ్లు వస్తే అది చట్టం చెప్పిన మార్పు. గడువు మధ్యలో, సంవత్సరం చివర, ఖాతాల మీద సంతకం పెట్టాల్సిన సమయంలో వెళ్లిపోతే అది వేరే సంగతి. ఈ తేడా తెలిసే సెబీ 2019 అక్టోబరు 18న ఒక సర్క్యులర్ ఇచ్చింది. మొదటి మూడు త్రైమాసికాలకు నివేదిక ఇచ్చిన ఆడిటర్, ఆ ఏడాది ఆడిట్ పూర్తి చేశాకే తప్పుకోవాలి. కారణాలు స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలియజేయాలి. వ్యక్తిగత కారణాలు, పని ఒత్తిడి అని మాత్రమే రాసి వెళ్లిన ఉత్తరానికీ, అడిగిన పత్రాలు ఇవ్వలేదని రాసిన ఉత్తరానికీ తేడా ఉంది. రెండోది చదివాక కూడా షేరు ఉంచుకున్నవాడు తనకు తెలియలేదని అనలేడు.

ఈ సంకేతాలు దేనికదే రుజువు కాదన్నది నిజం. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీకి బకాయిలు మార్చిలో పెరిగి జూన్‌లో తగ్గొచ్చు. అందుకే ఒక్క త్రైమాసికం చూసి తీర్పు చెప్పకూడదు, అదే రంగంలోని మరో రెండు కంపెనీల పక్కన పెట్టి మూడేళ్ల అంకెలు చూడాలి. లోపల దాచిన అప్పులను బయటివాడు పట్టలేడు కూడా. సత్యం ఖాతాల్లో కనిపించని 1,230 కోట్ల బాధ్యత ఉందని లేఖ వచ్చేదాకా ఏ మదుపరికీ తెలిసే దారి లేదు. కానీ మదుపరి చేయాల్సింది నేరం రుజువు చేయడం కాదు. అనుమానం తీరకపోతే డబ్బు పెట్టకుండా ఉంటే చాలు. పోలీసుకు కావాల్సిన సాక్ష్యం అతనికి అక్కర్లేదు.

పైగా 2008తో పోలిస్తే ఇప్పుడు కనిపించేది చాలా ఎక్కువ. లిస్టెడ్ కంపెనీలు సెప్టెంబరు, మార్చి ఫలితాలతో పాటు బ్యాలెన్స్ షీటు, నగదు ప్రవాహ పట్టిక ఇస్తున్నాయి. 2021 ఏప్రిల్ నుంచి వార్షిక నివేదికలో బకాయిలను వయసు వారీగా చూపించాలి. ఆరు నెలల లోపువి ఎంత, ఏడాది లోపువి ఎంత, రెండేళ్లు, మూడేళ్లు దాటినవి ఎంత, వాటిలో వివాదంలో ఉన్నవి ఎంత అని పట్టికలోనే ఉంటుంది. ఇవన్నీ స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. చదవడానికి సీఏ కావాలన్న మాట ఈ పట్టిక ముందు నిలబడదు. అరువు ఇచ్చి వసూలు చేసుకున్న ప్రతి వ్యాపారికీ, ప్రతి రైతుకూ అది అర్థమవుతుంది.

కాబట్టి షేరు కొనమని సలహా ఇచ్చే బ్రోకరును, టీవీ నిపుణుడిని, బంధువును మదుపరులు నాలుగు ప్రశ్నలు అడగాలి. బకాయిలు అమ్మకాలకన్నా వేగంగా పెరుగుతున్నాయా? ప్రకటించిన లాభంలో ఎంత నగదుగా చేతికొచ్చింది? ఒక్కసారి వచ్చిన ఆదాయం తీసేస్తే మిగిలే లాభమెంత? ఆడిటర్ గడువు మధ్యలో మారాడా, మారితే ఉత్తరంలో ఏం రాశాడు? జవాబులు ఇవ్వలేనివారి సలహా మీద, ఆ జవాబులు కనిపించని కంపెనీలో, పిల్లల చదువుకో పెళ్లికో దాచిన డబ్బు పెట్టవద్దు.